‘సాత్‌బారా’ అని వెతికే మనిషికి అసలు కావలసింది ఏది?

ప్రశ్న: ధర్మాబాద్‌లో (నాందేడ్ జిల్లా) మాకు సేవా కేంద్రం ఉంది. ఇక్కడి తెలుగువాళ్ల కోసం ఒక చిన్న వెబ్‌సైట్ కూడా నడుపుతున్నాను. పేజీలు నూట యాభై దాకా ఉంటాయి, పైన ఒక సెర్చ్ పెట్టె. మహారాష్ట్రలో పొలం రికార్డును 7/12 లేదా సాత్‌బారా అంటారు కదా, జనం satbara అని ఒక్క మాట కొడతారు. ఒకరికి గవర్నమెంట్ సైట్ కావాలి, ఒకరికి దాన్ని చదవడం రావాలి, ఇంకొకరికి కాగితం చేతికి రావాలి. నావిగేషనల్, ఇన్ఫర్మేషనల్, ట్రాన్సాక్షనల్ అని మూడు రకాలు ఉంటాయని చదివాను. మాట ఒక్కటే అయినప్పుడు ఏది ఏదో ఎలా తెలుస్తుంది? తెలిశాక రిజల్ట్స్‌లో ఏం మార్చాలి?

సమాధానం:

మాటను చూసి తెలియదండీ. ఆ మాట కొట్టినవాళ్లు తర్వాత దేని మీద నొక్కారో చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఒక్కో మాటకు ఒక్కో ముద్ర వేసే పని పెట్టుకోకండి. లాగ్‌లోంచి మాటవారీగా క్లిక్కుల లెక్క తీయండి. క్లిక్కులన్నీ ఒకే లింకు మీద పడుతుంటే ఆ లింకును అన్నిటికన్నా పైన పెట్టండి. మూడు నాలుగు చోట్లకు చీలుతుంటే మొదటి స్క్రీన్‌ను వాటికి పంచండి. satbara రెండో కోవలోకి వస్తుంది, ప్రభుత్వ భూమి రికార్డుల సైటు పేరైన mahabhulekh మొదటి కోవలోకి. అసలు క్లిక్కులే లేని అరుదైన మాటలకు మాత్రం పక్కనున్న పదాలను (డౌన్‌లోడ్, అంటే ఏంటి, సైట్ లాంటివి) పట్టుకుని ఊహించాలి.

మాది దెగ్లూర్. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే ఒక కంపెనీలో సెర్చ్ పని చూస్తుంటాను. ఊళ్లో బంధువుల పొలం కాగితాల పనులు కూడా నా నెత్తినే ఉంటాయి కాబట్టి మీ సైటుకు వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో నాకు కొంత తెలుసు.

ముందు ఈ మూడు రకాల సంగతి. 2002లో ఆండ్రే బ్రోడర్ రాసిన ఒక వ్యాసంతో ఈ విభజన స్థిరపడింది. ఆల్టావిస్టా అనే అప్పటి సెర్చ్ ఇంజిన్ వాడేవాళ్లను అడిగి ఒక సర్వే, దాని లాగ్ నుంచి 400 మాటలు తీసి చేత్తో వర్గీకరించడం, రెండూ చేశారు. లాగ్ లెక్కలో 20 శాతం నావిగేషనల్, 48 శాతం ఇన్ఫర్మేషనల్, 30 శాతం ట్రాన్సాక్షనల్ అని తేలింది. 2008లో జాన్సెన్ బృందం వేరే లాగ్‌ల మీద మెషీన్‌తో వర్గీకరిస్తే ఇన్ఫర్మేషనల్ ఒక్కటే 80 శాతం దాటింది, మిగతా రెండూ చెరో పది శాతం దగ్గర ఆగాయి. లాగ్‌లు వేరు, ఏది ఏ గంపలో వేయాలన్న నియమాలు కూడా వేరు. కాబట్టి ‘మా సైటులో ఇంత శాతం నావిగేషనల్’ అనే అంకెతో మీకు పని లేదు. ఒక్కో మాట దగ్గర నిలబడి చూడాలి.

నేనైతే ఆ పేర్లు పక్కన పెట్టి మనిషి వైపు నుంచి చూస్తాను. ఒకరు ఒక చోటికి చేరాలి, ఆ చోటు ఏదో వాళ్లకు ముందే తెలుసు. ఒకరికి ఒక సంగతి తెలియాలి, అది ఏ పేజీలో ఉన్నా ఫరవాలేదు. ఒకరికి పని కావాలి, చదవడానికి ఓపిక లేదు. మీ కౌంటర్ దగ్గర ఇదే జరుగుతుంది. ఎవరైనా వచ్చి “సాత్‌బారా” అనగానే మీరు “చూసుకోవడానికా, సంతకం ఉన్నదా?” అని ఎదురు ప్రశ్న వేస్తారు, ఒక్క మాటలో తేలిపోతుంది. సెర్చ్ పెట్టెకు ఆ అవకాశం లేదు. మొదటి స్క్రీన్‌లో మీరు పెట్టే నాలుగైదు లింకులే ఆ ఎదురు ప్రశ్న.

లెక్క ఎలా తీయాలి

లాగ్‌లో కనీసం నాలుగు సంగతులు ఉండాలి: కొట్టిన మాట, సమయం, దేని మీద నొక్కారు, నొక్కిన లింకు ఎన్నో స్థానంలో ఉంది. బయటి సైటులకు పోయే లింకుల మీద నొక్కినా నమోదు కావాలి. చాలా చిన్న సైట్లలో ఇది ఉండదు. మీ దగ్గర అదే పెద్ద లోటు అవుతుంది, ఎందుకంటే చేరాలనుకునేవాళ్లు దాదాపు అందరూ బయటికే పోతారు.

తర్వాత ఒక్కో మాటకు క్లిక్కులు ఎంత చెదిరాయో చూడాలి. దీనికి క్లిక్ ఎంట్రోపీ అనే కొలత వాడతారు. అన్ని క్లిక్కులూ ఒకే లింకు మీద పడితే సున్నా. నాలుగు లింకుల మీద సమానంగా పడితే 2. లెక్క తేలిక కోసం ఒక్కో మాటకు 50 క్లిక్కులు ఉన్నాయనుకుందాం. mahabhulekh కొట్టినవాళ్లలో 46 మంది ప్రభుత్వ సైటు మీద, ముగ్గురు ఒక వ్యాసం మీద, ఒకరు వేరే పేజీ మీద నొక్కారు. satbara కొట్టినవాళ్లలో 20 మంది ప్రభుత్వ సైటు, 15 మంది సంతకం ఉన్న ప్రతి తీసుకునే పేజీ, 10 మంది ‘చదవడం ఎలా’ అన్న వ్యాసం, 5 మంది తప్పులు సరిచేయించుకునే వ్యాసం నొక్కారు.

```python
from math import log2

def entropy(clicks):
    n = sum(clicks)
    return -sum(c/n * log2(c/n) for c in clicks if c)

entropy([46, 3, 1])        # 0.47
entropy([20, 15, 10, 5])   # 1.85
```

మొదటిది 0.47, రెండోది 1.85. రెండూ భూమి కాగితం గురించిన ఒక్క మాట ప్రశ్నలే అయినా ఒకే పద్ధతిలో జవాబివ్వకూడదని ఈ రెండు అంకెలే చెప్తున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, చాలామంది పడేది ఇందులోనే. ఎంట్రోపీ తక్కువగా ఉన్న ప్రతిదీ నావిగేషనల్ కాదు. ‘7/12 lo potkharab ante enti’ అని ఎవరైనా కొట్టారనుకోండి. సాగుకు పనికిరాని భాగం గురించి మీ సైటులో ఉన్నది ఒకటే వ్యాసం. అందరూ దాని మీదే నొక్కుతారు, అంకె సున్నాకు దగ్గరగా వస్తుంది. కానీ వాళ్లకు ఆ పేజీయే కావాలని కాదు, సంగతి తెలియాలి. రేపు మీరు ఇంకో మంచి వ్యాసం రాస్తే క్లిక్కులు చీలిపోతాయి. నేను రెండు గుర్తులు చూస్తాను. ఒకటి, నొక్కినది ఒక సైటు ముఖద్వారమా, లోపలి పేజీయా. రెండు, అదే లింకుకు రకరకాల అక్షర దోషాలతో, పొట్టి పేర్లతో కూడా జనం వస్తున్నారా. mahabulek, maha bhulekh, mahabhumi అన్నీ ఒకే చోటికి పోతుంటే అది పేరు. పోట్‌ఖరాబ్ పేజీకి అలా రారు, ప్రశ్న రూపంలోనే వస్తారు.

రెండో జాగ్రత్త స్థానం గురించి. పైన ఉన్నదాని మీద జనం ఎలాగూ ఎక్కువ నొక్కుతారు. మీ కేంద్రం రుసుము పేజీని ఇన్నాళ్లూ మొదటి స్థానంలో పెట్టి ఉంటే దానికి వచ్చిన క్లిక్కులు జనం కోరికను చెప్పవు, మీ అమరికను చెప్తాయి. కొన్ని వారాల పాటు మొదటి రెండు లింకులను మార్చి మార్చి చూపించండి, అంటే సగం మందికి ఒక వరుస, సగం మందికి తిరగేసిన వరుస. రెండో స్థానంలో ఉన్నా ఒక లింకుకు క్లిక్కులు తగ్గకపోతే అది నిజంగా కావలసినదే.

మూడోది: క్లిక్ లేకపోవడం ఎప్పుడూ ఓటమి కాదు. ‘satbara fee’ అని కొట్టినవాళ్లకు రిజల్ట్‌లోనే ‘డిజిటల్ సంతకం ఉన్న 7/12కు 15 రూపాయలు’ అని కనిపిస్తే చదివి వెళ్లిపోతారు. అది గెలుపే. తేడా ఎలా పట్టాలంటే, ఒకటి రెండు నిమిషాల్లో వాళ్లే మాట మార్చి మళ్లీ కొట్టారా అని చూడండి. కొట్టకపోతే జవాబు దొరికిందనుకోవచ్చు. satbara, వెంటనే satbara download, ఆ వెంటనే satbara digital sign అని వరుసగా కొడుతుంటే మాత్రం మీ మొదటి స్క్రీన్ పని చేయడం లేదు. పైగా ఆ వరుసే మీకు ఉద్దేశం చెప్పేస్తోంది: మొదటి మాటలో దాగినది మూడో మాటలో బయటపడింది. నాకు లాగ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. సర్వే పెట్టి అడిగినా ఇంత నిజాయితీగా చెప్పరు.

ఉద్దేశం కన్నా ముందు మాటే పట్టుబడాలి

మీ సైటులో ఇప్పుడే ఒక పరీక్ష చేయండి. సెర్చ్ పెట్టెలో 7/12 అని కొట్టండి. చాలా సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లు ఆ గీత దగ్గర మాటను విరిచి 7 ఒకటి, 12 ఒకటి అని రెండు ముక్కలు చేస్తాయి. అప్పుడు 12వ తరగతి స్కాలర్‌షిప్ పేజీ, ఏదో నెల 7వ తేదీ గడువు అన్న పేజీ పైకి వస్తాయి. అలా వస్తుంటే ఉద్దేశాల విశ్లేషణ అంతా తర్వాతి మాట, ముందు ఇది సరిచేయండి. ఇవన్నీ ఒకే మాటగా మారాలి:

```text
7/12   7-12   7 12   ७/१२   satbara   saat bara
satbara utara   సాత్ బారా   సాత్‌బారా
```

దేవనాగరి అంకెలను మామూలు అంకెలుగా మార్చే పట్టిక మీరే రాసుకోవాలి. యూనికోడ్‌లో అందరూ వాడే NFKC అనే సవరణ ఆ పని చేయదు. ‘సాత్‌బారా’లో త్ తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం (U+200C) ఉండొచ్చు, కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. వెతికే ముందు దాన్ని తీసేయండి. మన వైపు ఒకే మనిషి పొద్దున రోమన్ లిపిలో, సాయంత్రం తెలుగులో, పిల్లవాడి ఫోన్ తీసుకుంటే మరాఠీలో కొడతాడు. ఇవి కలపకపోతే మీ 50 క్లిక్కులు తొమ్మిది కుప్పలుగా చీలి ఏ లెక్కకూ సరిపోవు.

పహాణీ చిక్కు

మీ ఊరికి ప్రత్యేకమైన కేసు ఒకటుంది, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్తాను. మీ లాగ్‌లో pahani అన్న మాట తప్పకుండా ఉంటుంది. బాసర వైపు, నిజామాబాద్ వైపు పొలం ఉన్నవాళ్లకు పహాణీ అంటే భూమి రికార్డు. మహారాష్ట్ర వైపు పొలం ఉన్నవాళ్లకు అది ఈ-పీక్ పాహణీ, అంటే వేసిన పంటను రైతే మొబైల్ యాప్‌లో ఫొటో తీసి నమోదు చేసుకోవడం. ఆ నమోదు 7/12లోని 12వ నమూనాలోకి చేరుతుంది. ఇంకో తికమక కూడా ఉంది: ఇక్కడి మన పెద్దవాళ్లు కొందరు 7/12నే పహాణీ అంటారు.

ఇక్కడ రెండు వేర్వేరు అనుమానాలు కలిసి ఉన్నాయని గమనించండి. ‘ఏ పహాణీ’ అన్నది అర్థం గురించిన అనుమానం. ‘చూడాలా, తెలియాలా, చేయాలా’ అన్నది ఉద్దేశం గురించినది. ఎంట్రోపీ అంకె రెండిట్లోనూ పెరుగుతుంది, కాబట్టి ఏది కారణమో అంకె చెప్పదు. మందు మాత్రం వేరు వేరు. ఉద్దేశం చీలితే ఒకే వస్తువు గురించి రకరకాల లింకులు పెడితే సరిపోతుంది. అర్థం చీలితే ముందు దారులు రెండుగా విడదీయాలి: పైన ‘తెలంగాణ పహాణీ’, ‘మహారాష్ట్ర ఈ-పీక్ పాహణీ’ అని రెండు బటన్లు పెట్టి, ఒక్కో దాని కింద దానికి సంబంధించినవి. రెండు రాష్ట్రాల లింకులను ఒకే వరుసలో కలిపేస్తే ఎవరికీ పనికిరాదు, పైగా తప్పు సైటులో పొలం గట్ నంబర్ కొట్టి ‘రికార్డు లేదు’ అని చూసి జనానికి అనవసరంగా టెన్షన్.

ఫోన్ ఎక్కడుందో చూసి రాష్ట్రం ఊహిద్దామని మీకు అనిపించవచ్చు. వద్దు. మొబైల్ డేటా ఐపీ సాధారణంగా ఊరిని చూపదు, నెట్‌వర్క్ కంపెనీ గేట్‌వే ఉన్న నగరాన్ని చూపుతుంది. పైగా మనిషి ధర్మాబాద్‌లో కూర్చుని అవతలి పొలం గురించి వెతకడం మీ దగ్గర రోజూ జరిగే సంగతి. మనిషి ఉన్న చోటు, పొలం ఉన్న చోటు ఒకటి కావు. ఒకసారి బటన్ నొక్కాక ఆ ఎంపికను ఆ రోజుకు గుర్తుపెట్టుకుంటే చాలు.

కాలం కూడా చూడాలి. ఖరీఫ్ పంట నమోదు నడిచే ఆగస్టు, సెప్టెంబర్ రోజుల్లో pahani కొట్టేవాళ్లలో ఎక్కువమందికి పని కావాలి, అదీ యాప్‌లో. జూన్ ప్రాంతంలో పంట రుణాల కోసం బ్యాంకు అడిగినప్పుడు satbara కొట్టేవాళ్లకు సంతకం ఉన్న ప్రతి కావాలి. ఏడాది క్లిక్కులన్నీ ఒకే కుప్పలో వేసి సగటు తీస్తే ఈ రెండూ కనపడవు. నేను ఇటీవలి నాలుగైదు వారాల క్లిక్కులకు ఎక్కువ బరువు ఇస్తాను, పాతవాటిని పూర్తిగా పారేయను.

రిజల్ట్స్‌లో ఏం మారాలి

చేరాలనుకునేవాళ్లకు సరైన లింకు మొదటి స్థానంలో ఉండటమే అంతా. రెండో స్థానంలో ఉంటే సగం ఓడినట్టే, ఐదో స్థానంలో ఉంటే లేనట్టే. దీన్ని కొలిచే పద్ధతి కూడా అలాగే ఉంటుంది: సరైన లింకు ఎన్నో స్థానంలో ఉంటే ఒకటిని దానితో భాగించి సగటు తీస్తారు. ఈ రకానికి పేజీలో రాసిన విషయం కన్నా, ఇతరులు ఆ పేజీని ఏ పేరుతో పిలుస్తారన్నది ఎక్కువ పనికొస్తుంది. వెబ్ సెర్చ్‌లో దీనికి లింకు మీద రాసిన మాటలు వాడతారు. క్రాస్‌వెల్, హాకింగ్, రాబర్ట్‌సన్ 2001లోనే సైటు వెతుక్కునే పనిలో ఆ మాటలు పేజీ పాఠం కన్నా బాగా పనిచేస్తాయని చూపించారు. మీ దగ్గర అంత ఎక్కువ లింకులు ఉండవు కాబట్టి ఆ పేర్ల పట్టికను మీరే చేత్తో రాసుకోవాలి. అందులో పాత పేర్లూ ఉండాలి. తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. మన వాళ్లు ఇంకా చాలాకాలం dharani అనే కొడతారు, వాళ్లను భూభారతికి చేర్చాలి.

లింకు పక్కన చిరునామా పూర్తిగా కనపడనివ్వండి. ఉచితంగా చూసుకోవడానికి bhulekh.mahabhumi.gov.in, సంతకం ఉన్న ప్రతికి digitalsatbara.mahabhumi.gov.in అని. ప్రభుత్వ సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు వెబ్‌లో చాలా ఉన్నాయి. చివర gov.in చూసుకునే అలవాటు మీ పేజీ వల్లే కొందరికి రావచ్చు.

తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఒక్క లింకు చాలదు, రకరకాలవి కావాలి. 7వ నమూనాలో హక్కులు, 12వ నమూనాలో పంటలు, 8-అ అంటే ఖాతా, ఫేర్‌ఫార్ అంటే పేరు మార్పిడి, ఇలా దగ్గర దగ్గరి పేజీలు వరుసలో రావాలి. ఒకే సంగతి చెప్పే మూడు పేజీలు ఒకదాని కింద ఒకటి రాకూడదు. ఇక్కడ పేజీ పాఠంలో మాటలు కలవడం ముఖ్యం, ముఖద్వారం పేజీలకు అదనపు బరువు ఇవ్వకూడదు.

పని కావాలనుకునేవాళ్లకు వ్యాసం చూపించడం వాళ్లను విసిగించడమే. ఏ వివరాలు కావాలి (జిల్లా, తాలూకా, ఊరు, గట్ నంబర్, మొబైల్ నంబర్), ఎంత ఖర్చు, ఎక్కడ నొక్కాలి, ఇవి రిజల్ట్ పెట్టెలోనే ఉండాలి. ఇందులోనే ఇంకో కోవ ఉంది. గూగుల్ తన రిజల్ట్స్‌ను అంచనా వేసేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో తెలుసుకోవడం, చేయడం, వెబ్‌సైట్ అనే వాటితో పాటు ‘స్వయంగా వెళ్లడం’ అని నాలుగోది పెట్టింది. ఒకే మాటకు ఒకటికి మించిన ఉద్దేశాలు ఉండొచ్చని కూడా అక్కడ రాసి ఉంటుంది. తలాఠీ అంటే ఊరి రెవెన్యూ అధికారి. talathi అని కొట్టేవాళ్లలో ఎక్కువమంది ఆయన విధుల మీద వ్యాసం చదవరు. తమ సజ్జా తలాఠీ ఏ రోజు ఎక్కడ కూర్చుంటారో వాళ్లకు కావాలి. మీ దగ్గర ఆ సమాచారం ఉంటే దాన్నే పైన పెట్టండి.

ఇప్పుడు satbaraకు మొదటి స్క్రీన్ ఎలా ఉండాలో చూద్దాం. పైన ఒకే పెట్టెలో రెండు ప్రభుత్వ లింకులు: ‘చూసుకోవడానికి, ఉచితం’, ‘సంతకం ఉన్న ప్రతి, 15 రూపాయలు’. ఉచితంగా చూసేది సమాచారానికి మాత్రమే, బ్యాంకులో, కోర్టులో చెల్లదు అని ఒక చిన్న వాక్యం. దాని కింద ‘7/12 చదవడం ఎలా’, ‘పేరులో, విస్తీర్ణంలో తప్పు ఉంటే’ అన్న రెండు వ్యాసాలు. ఆ తర్వాత మీ కేంద్రం పని వేళలు, రుసుము. పైన 50 క్లిక్కుల్లో వచ్చిన 40, 30, 20, 10 శాతాల లెక్కను ఈ వరుస దాదాపుగా పాటిస్తుంది.

మీ రుసుము పేజీ చివర పెట్టమన్నందుకు నొచ్చుకోకండి. దాన్ని పైన పెడితే మొదట్లో నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. కానీ ప్రభుత్వ సైటు కోసం వచ్చినవాళ్లు దానిమీద పొరపాటున నొక్కి వెనక్కి వస్తారు, మళ్లీ వెతుకుతారు. మీ లాగ్‌లో ‘నొక్కి పది సెకన్లలో తిరిగొచ్చినవి’ అని ఒక లెక్క పెట్టుకుంటే అది కళ్లకు కడుతుంది. అలాంటి క్లిక్కులను ఎంట్రోపీ లెక్కలో కలపకండి కూడా, అవి కోరిక కాదు.

పక్కనున్న పదాలు

అరుదైన, పొడవైన మాటలకు క్లిక్కుల చరిత్ర ఉండదు. ముప్పై క్లిక్కులు కూడా లేని మాటకు ఎంట్రోపీ అంకెను నేను నమ్మను. అక్కడ పదాలే దిక్కు. site, login, .in ఉంటే చేరాలి. ante, enti, అర్థం, తేడా ఉంటే తెలియాలి. download, apply, kavali, కట్టడం, మరాఠీలో kadhaycha ఉంటే పని కావాలి.

తికమక పెట్టేది ‘ఎలా’. ఇంగ్లిష్ లాగ్‌ల మీద చేసిన జాబితాల్లో దీన్ని తెలుసుకోవడం కింద వేస్తారు. మన వాళ్లు ‘satbara download ela’ అన్నప్పుడు పాఠం అడగడం లేదు, బటన్ ఎక్కడుందో అడుగుతున్నారు. ‘satbara chadavadam ela’ అన్నప్పుడు నిజంగా పాఠమే కావాలి. కాబట్టి ‘ఎలా’ను ఒంటరిగా లెక్కించకండి, దానికి ముందున్న క్రియను చూడండి. చేసే పనైతే పని గంప, గ్రహించే పనైతే తెలుసుకునే గంప. ఈ ఒక్క నియమంతోనే చాలా తప్పులు పోతాయి.

మా కంపెనీలో ఇలాంటిదే ఇంకో రకం చూశాను. సరుకులు వెతికే పెట్టెలో జనం refund అని కొడతారు. సరుకుల జాబితాలో ఆ మాట ఎక్కడ కలిసినా అది చూపించడం సెర్చ్ స్వభావం. ఆ మనిషికి కావలసింది తన పాత ఆర్డర్. ఇలాంటి మాటల జాబితా ఒకటి పెట్టుకుని, అవి రాగానే సరుకుల వెతుకులాటకు పోకుండా నేరుగా ఆర్డర్ల పేజీకి దారి చూపుతాం. మీ సైటులో దీనికి సాటి complaint, status లాంటివి.

చివరిగా, మీ లాగ్ తెరవగానే మీకు కనపడబోయే ఒక విషయం. కొందరు సెర్చ్ పెట్టెనే రికార్డుల దరఖాస్తు అనుకుని ‘gat 112’ అని తమ గట్ నంబరు, ఊరి పేరు, ఫోన్ నంబరు, ఒక్కోసారి ఆధార్ నంబరు కూడా కొట్టేస్తారు. ఇవి ముమ్మాటికీ పని కావలసినవాళ్లవే, చోటు మాత్రం తప్పు. మాటలో gat, గట్, survey అని ఉండి పక్కన అంకె ఉంటే రిజల్ట్స్ చూపించకండి. ‘ఈ పెట్టె మా పేజీలను మాత్రమే వెతుకుతుంది, మీ 7/12 ఇక్కడ తెరుచుకుంటుంది’ అని ప్రభుత్వ లింకు ఇవ్వండి. అంకె 12 స్థానాలదైనా, 10 స్థానాలదైనా లాగ్‌లో రాసే ముందే చెరిపేయండి. రాసేశాక చెరుపుదాంలే అనుకుంటే బ్యాకప్‌లలో మిగిలిపోతాయి.